మొదటి మీట్‌లో మెరిసిన పిల్లలు అసలు మీట్‌కి ఎందుకు చప్పబడిపోతున్నారు?

వ్యాయామ_మాస్టారు
మా స్కూల్ అథ్లెటిక్స్ టీమ్‌లో 22 మంది, 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు. వరుసగా రెండో ఏడాది అదే కథ. సీజన్ మొదటి మీట్‌లో అందరూ అదరగొట్టారు. పన్నెండు వారాల తర్వాత వచ్చిన అసలు మీట్‌లో, ఏడాదంతా దేనికోసం కష్టపడ్డామో ఆ మీట్‌లో, చప్పబడిపోయారు. 800 మీటర్ల కుర్రాడు మొదట 2:16 పరిగెత్తాడు, ఆఖర్న 2:21. 100 మీటర్ల అమ్మాయి 13.4 నుంచి 13.8కి పోయింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, జ్వరాలు రాలేదు, ప్రాక్టీస్ పెట్టిన రోజున ఎవరూ ఎగ్గొట్టలేదు. ఏడాదిని సన్నాహం, పోటీలు, విశ్రాంతి అని మూడు ముక్కలు చేయాలని చదివి చార్ట్ గీసి గోడకి అంటించాను కూడా. అయినా ఇలా ఎందుకవుతోంది?

గుండు_విసురు
22 మందికి ఒక్కరే మాస్టారంటే గ్రౌండ్‌లో టైమ్ పంచడమే పెద్ద పని. మా దగ్గర సోమ, గురు వారాలు విసిరేవాళ్లకి, మిగతా రోజులు పరిగెత్తేవాళ్లకి. కావాలంటే మా టైమ్‌టేబుల్ పెడతాను.

వ్యాయామ_మాస్టారు
వారం టైమ్‌టేబుల్ కాదు సార్, ఏడాది మొత్తం గురించి అడుగుతున్నాను. గ్రౌండ్ సరిపోతోంది.

మెరుపు_కాళ్లు
ఇది నూటికి నూరు పాళ్లు అలసట. పిల్లల్ని పిండేశారు. వచ్చే ఏడాది అసలు మీట్‌కి ముందు రెండు వారాలు ప్రాక్టీస్ పూర్తిగా ఆపేసి చూడండి, గుర్రాల్లా పరిగెత్తుతారు.

స్టాప్‌వాచ్
రెండు వారాలు పూర్తిగా ఆపకండి. దాని గురించి తర్వాత చెబుతాను. ముందు మూడు సంగతులు కావాలి మాస్టారూ. ఒకటి, మొదటి వారం నుంచి అసలు మీట్ దాకా ఏ వారంలో ఏం చేయించారో ఉన్నది ఉన్నట్టు రాయండి. గోడ మీద చార్ట్ వద్దు, జరిగింది కావాలి. రెండు, ఆ 800 కుర్రాడి మొదటి ల్యాప్, రెండో ల్యాప్ విడివిడిగా. మూడు, అసలు మీట్ అయ్యాక ఎప్పుడైనా మళ్లీ టైమ్ తీశారా?

అమ్మనే_అడుగుతున్నా
నేను కోచ్‌ని కాను. మా అమ్మాయికి 12 దాటింది, స్కూల్ టీమ్‌లో 400 పరిగెత్తుతుంది. నాలుగు నెలల్లో చాలా పొడుగైంది, టైమింగ్ మాత్రం తగ్గడం లేదు. మోకాలి చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటోంది. అందరితో పాటు అదే ప్రాక్టీస్ చేయిస్తున్నారు. ఇది కూడా ఈ చప్పబడటమేనా?

వ్యాయామ_మాస్టారు
స్టాప్‌వాచ్ గారూ, డైరీ తీసి రాస్తున్నాను. వారానికి ఐదు రోజులు, రోజుకి గంటంబావు. మొదటి వారం నుంచే సోమవారం 300 మీటర్లు ఐదు, బుధవారం 200 మీటర్లు ఎనిమిది, శుక్రవారం 150 మీటర్లు ఆరు, అన్నీ గట్టిగా. మధ్య రోజుల్లో డ్రిల్స్, స్టార్టులు, బ్యాటన్. మీట్లు 6, 8, 11, 13 వారాల్లో. ప్రతి మీట్‌కి ముందు నాలుగు రోజులు తేలిక, తర్వాత రెండు రోజులు సెలవు. 14, 15 వారాల్లో పరీక్షలు, గ్రౌండ్‌కి ఎవరూ రాలేదు. 16, 17 వారాల్లో పోయింది పూడ్చాలని వారానికి నాలుగు గట్టి రోజులు పెట్టాను. 18వ వారం అసలు మీట్, ఆ వారమంతా తేలిక.

800 కుర్రాడు మొదటి మీట్‌లో 66, 70. అసలు మీట్‌లో 65, 76.

అసలు మీట్ అయిన పది రోజులకి, తేలిగ్గా ఆడుకున్న తర్వాత, సరదాగా టైమ్ తీశాం. అమ్మాయి మళ్లీ 13.4 పరిగెత్తింది. కుర్రాడు 2:20.

మెరుపు_కాళ్లు
చూశారా! విశ్రాంతి దొరకగానే అమ్మాయి 13.4కి వచ్చేసింది. నేను చెప్పింది అదే.

స్టాప్‌వాచ్
అమ్మాయి విషయంలో మీ మాట సరైనదే. మరి కుర్రాడు? అదే పది రోజుల విశ్రాంతి వాడికీ దొరికింది, ఒక్క సెకనే తగ్గింది. అలసటే కారణమైతే వాడూ 2:16 దగ్గరికి రావాలి కదా. ఒకే ప్లాన్, రెండు వేర్వేరు జబ్బులు.

వాడి ల్యాపులు చూడండి. మొదటి ల్యాప్ 66 నుంచి 65కి, అంటే ఒక సెకను వేగంగా వెళ్లాడు. వేగం ఎక్కడికీ పోలేదు. రెండో ల్యాప్ 70 కాస్తా 76 అయింది. మొదట్లో కాస్త తొందరపడ్డాడనే అనుకుందాం, ఆ ఒక్క సెకనుకి ఆరు సెకన్ల శిక్ష ఎక్కువే. వాడికి తగ్గింది దమ్ము.

ఇప్పుడు మాస్టారి డైరీ లెక్క వేద్దాం. 6 నుంచి 18 దాకా పదమూడు వారాలు. నాలుగు మీట్లకి ముందు నాలుగు రోజులు, మీట్ రోజు, తర్వాత రెండు రోజులు కలిపితే ఒక్కో మీట్ ఒక వారాన్ని తినేసింది. నాలుగు వారాలు అలా పోయాయి. పరీక్షలకి రెండు, ఆఖరి తేలిక వారం ఒకటి. మొత్తం ఏడు. పదమూడు వారాల్లో నిజంగా శిక్షణ జరిగింది ఆరు వారాలే, అవీ ముక్కలు ముక్కలుగా. పోనీ మొదటి ఐదు వారాల్లో దమ్ము కట్టారా అంటే అదీ లేదు, తొలిరోజు నుంచీ గట్టి 300లే.

రిలే_నాలుగో_కాలు
ఒక్కో మీట్ వారాన్ని తినేసింది అనే లెక్క చదివి మా డైరీ కూడా తీశాను. మాకు తొమ్మిది వారాల్లో ఐదు మీట్లు. ఇంక లెక్క వేయాలంటేనే భయంగా ఉంది.

వ్యాయామ_మాస్టారు
అర్థమవుతోంది. కానీ ఒక అనుమానం. దమ్ము కట్టనే లేదంటే మొదటి మీట్‌లో 2:16 ఎలా వచ్చింది?

స్టాప్‌వాచ్
అందరూ మోసపోయేది సరిగ్గా అక్కడే. గట్టి 300లు, 200లు నాలుగు నుంచి ఆరు వారాల్లో ఫలితం చూపిస్తాయి. సెలవుల్లో పిల్లలు సైకిల్ తొక్కో, ఆటలాడో కూడబెట్టుకున్న దమ్ము కొంత ఉంటుంది, దాని మీద ఈ పదును ఎక్కుతుంది, ఆరో వారానికి మెరిసిపోతారు. ఆ తర్వాత అదే పని ఎంత చేయించినా పెద్దగా పెరగదు. అడుగున ఉన్న దమ్ముని మాత్రం ఎవరూ నింపడం లేదు, అది మెల్లగా కారిపోతూ ఉంటుంది.

మానేశాక ఏది ఎన్నాళ్లు నిలుస్తుందో ఇస్సూరిన్ అనే శిక్షణ శాస్త్రవేత్త ఒక లెక్క ఇచ్చారు. దమ్ము, కండబలం సుమారు 30 రోజులు నిలుస్తాయి. నిండు వేగం ఐదు రోజులు అటూ ఇటూ. పెద్ద స్థాయి క్రీడాకారుల్ని చూసి చెప్పిన అంకెలివి, 14 ఏళ్ల పిల్లలకి అచ్చంగా వర్తిస్తాయని నేననను. కానీ ఏడాదిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది దీన్నుంచే వస్తుంది. ఎక్కువ కాలం నిలిచేది, మెల్లగా వచ్చేది ముందు కట్టాలి. త్వరగా వచ్చి త్వరగా పోయేది చివర్లో పదును పెట్టాలి. మాస్టారు తిరగేసి చేశారు.

రెండు వారాలు పూర్తిగా ఆపొద్దన్నదీ ఇందుకే. నిండు వేగానికి పద్నాలుగు రోజుల ఖాళీ చాలా ఎక్కువ.

లాంగ్‌రన్_బాబాయ్
నేను మొదట్నించీ చెప్పేది ఇదే, దమ్ము ముందు. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ తన వాళ్లని వారానికి 160 కిలోమీటర్లు పరిగెత్తించేవాడు. అలా తయారైన పీటర్ స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 గెలిచాడు, 1964 టోక్యోలో 800, 1500 రెండూ గెలిచాడు. పిల్లలకి రోజూ పది కిలోమీటర్లు అలవాటు చేయండి.

స్టాప్‌వాచ్
బాబాయ్, స్నెల్ అప్పటికి ఎదిగిన మనిషి. లిడియార్డ్ దగ్గర మనం తీసుకోవాల్సింది వరస: ముందు నెలల తరబడి తేలిక పరుగు, తర్వాత కొండ ఎక్కుడు, ఆ తర్వాతే ట్రాక్ మీద గట్టి పని. కిలోమీటర్లు కాదు. ఎనిమిదో తరగతి పిల్లకి రోజూ పది కిలోమీటర్లు పెడితే మూడో వారంలో పిక్క ఎముక పట్టుకుని కూర్చుంటుంది.

లాంగ్‌రన్_బాబాయ్
సరే, పది ఎక్కువేమో. నేను 15 ఏళ్లప్పుడు ఎనిమిది పరిగెత్తేవాణ్ణి, ఏమీ కాలేదు.

హర్డిల్స్_టీచర్
బాబాయ్ గారూ, మీకేమీ కాలేదు. మీతో పాటు మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్లు ఎంతమందో గుర్తున్నారా? ఈ ప్రశ్న ఎప్పుడూ అడగాలనిపిస్తుంది నాకు.

అమ్మనే_అడుగుతున్నా గారూ, మీ ప్రశ్న మరుగున పడిపోయింది. అమ్మాయిలు సగటున 12 ఏళ్ల దగ్గర, అబ్బాయిలు 14 దగ్గర చాలా వేగంగా పొడుగవుతారు. ఎముక ముందు పెరుగుతుంది, కండ, నరం దాన్ని అందుకోవడానికి టైమ్ పడుతుంది. అప్పుడు అడుగు కుదరదు, టైమింగ్ ఆగిపోతుంది. అది మాస్టారి టీమ్ సమస్య కాదు. చిప్ప కింద ఎముక దగ్గర నొప్పి అంటే తొడ కండరం అతుక్కునే చోట లాగుతుండొచ్చు, ఆ వయసులో పరిగెత్తే, గెంతే పిల్లల్లో చాలా మామూలు. ఒకసారి డాక్టరుకి చూపించండి. అప్పటిదాకా గెంతడాలు, మెట్ల పరుగులు, గట్టి రోజులు తగ్గించమని మాస్టారుకి చెప్పండి. నేను నెలకోసారి పిల్లల ఎత్తు కొలుస్తాను. ఎవరైనా హఠాత్తుగా సాగితే ఆ రెండు మూడు నెలలు వాళ్లకి టీమ్ ప్లాన్ పక్కన పెట్టి వేరేగా నడుపుతాను.

అమ్మనే_అడుగుతున్నా
చాలా థ్యాంక్స్ అండీ. బద్ధకం అనుకుని నేనే తిట్టాను దాన్ని.

వ్యాయామ_మాస్టారు
వచ్చే ఏడాది క్యాలెండర్ దాదాపు ఖాయమైంది. స్కూల్ తెరిచిన రోజు నుంచి లెక్కేస్తే మీట్లు 12, 16, 20 వారాల్లో, అసలుది 26లో. 16లో జరిగేది ఎంపిక మీట్, అందులో నిలవకపోతే 26కి వెళ్లలేం. పరీక్షలు 18, 19. ఈసారి ఎలా వేయమంటారు?

స్టాప్‌వాచ్
26 దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి.

25, 26 వారాలు పదును. రోజులు తగ్గించకండి, వేగం తగ్గించకండి, పని మొత్తాన్ని సుమారు సగం చేయండి. మీ కుర్రాడు మామూలుగా ఆరు 300లు చేస్తుంటే 25లో నాలుగు, 26 మొదట్లో రెండు, రేసు వేగంతో, మధ్యలో నిండుగా ఊపిరి తీసుకుని. ఆఖరి గట్టి రోజుకీ రేసుకీ మధ్య నాలుగైదు రోజులుండాలి. అయితే సగానికి కోయాలంటే కోయడానికి ముందు పని ఉండాలి. పోయినేడాది మీ చేతిలో కోయడానికి ఏమీ లేదు.

20 నుంచి 24 దాకా అసలు గట్టి పని. వారానికి రెండే గట్టి రోజులు, మూడు వద్దు. మధ్యలో 23 మాత్రం మూడో వంతు తగ్గించండి, లేకపోతే 25కే అలసిపోయి వస్తారు. ఈ రోజుల్లో కూడా వారానికి ఒక తేలిక పరుగు ఉండాలి, అరగంట చాలు. కుర్రాడి రెండో ల్యాప్‌ని కాపాడేది అదే.

18, 19 పరీక్షలు. సున్నా చేయకండి. వారానికి మూడు రోజులు, అరగంట: పదిహేను నిమిషాల తేలిక పరుగు, తర్వాత 60 మీటర్లు నాలుగు వేగంగా. చదువుకునే పిల్లలకి అది విరామం కూడా. 20లో మీట్ పరీక్షల నుంచి బయటికి రావడానికి, అక్కడ ఏ టైమ్ వచ్చినా పట్టించుకోకండి.

9 నుంచి 17 దాకా మెల్లగా గట్టిపడుతూ పోవాలి. 12లో మీట్‌ని ప్రాక్టీస్ రోజుగా పరిగెత్తించండి, ముందు ఒక్కరోజే తేలిక. 16 ఎంపిక కాబట్టి ముందు నాలుగు రోజులు తేలిక ఇవ్వండి, చాలు.

1 నుంచి 8 దాకా కట్టడం. వారానికి మూడు తేలిక పరుగులు, పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత వేగం, 20 నిమిషాలతో మొదలై 35 దాకా. రెండు రోజులు వంటి బరువుతో బలం పని, చిన్న ఎత్తు మీదికి పరుగులు. 60 మీటర్ల వేగం పరుగులు నాలుగు, వారానికి రెండుసార్లు, మొదటి వారం నుంచి ఎప్పుడూ ఆపకండి. వేగం ఐదు రోజుల్లో వాడిపోతుందన్నాను కదా, దాన్ని బతికించడానికి అంత చాలు. మీ 100 అమ్మాయికి మాత్రం తేలిక పరుగులు 15 నిమిషాల దగ్గర ఆపి, ఆ టైమ్ వేగం మీద, బలం మీద పెట్టండి.

మెరుపు_కాళ్లు
ఎనిమిది వారాలు తేలిక పరుగులంటే పిల్లలు పారిపోతారు సార్. మావాళ్లు రెండో వారానికే "రేస్ ఎప్పుడు?" అని మొదలుపెడతారు. పైగా 100, 200 వాళ్లకి వేగమే ముందు కట్టాలి, దూరం తర్వాత పెంచుకోవచ్చు అనే కోచ్‌లు చాలామంది ఉన్నారు. నేనూ వాళ్ల పక్షమే.

స్టాప్‌వాచ్
100, 200 విషయంలో మీతో పెద్దగా పేచీ లేదు. 30 మీటర్లతో మొదలై 60, 80, 120కి పెంచుకుంటూ వెళ్లే దారి బాగానే పనిచేస్తుంది. 800కి అది కుదరదు. పారిపోతారన్నది నిజమైన సమస్యే, మేం తేలిక పరుగుని జట్లుగా, వేరే వేరే దారుల్లో పెట్టి కొంత గట్టెక్కాం, పూర్తిగా కాదు.

రిలే_నాలుగో_కాలు
మా అసలు ఇబ్బంది వేరు. ప్రతి మీట్‌లోనూ పతకం కావాలని పై నుంచి ఒత్తిడి. "ఈ మీట్‌ని ప్రాక్టీస్‌గా పరిగెత్తిస్తున్నాం" అని హెడ్‌మాస్టర్ గదిలో ఎలా చెప్పాలి? ఒకే అమ్మాయి 100, 400, రెండు రిలేలు పరిగెడుతుంది. ఎంపిక మీట్‌లో హీట్స్‌తో కలిపి రెండు రోజుల్లో ఏడు రేసులు.

హర్డిల్స్_టీచర్
నేను ఏడాది మొదట్లోనే ఒక కాగితం మీద మీట్లన్నీ రాసి, ఒక్కదాని చుట్టూ గీత గీసి సంతకం తీసుకుంటాను. అయినా మధ్యలో ఒత్తిడి వస్తూనే ఉంటుంది. ఏడు రేసుల గురించి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఒకటి వదిలేయమని చెప్పడం తప్ప.

వ్యాయామ_మాస్టారు
అమ్మాయి అలిసిపోయిందని మీట్‌లో పరిగెత్తేదాకా నాకు తెలియలేదు. ముందే ఎలా పసిగట్టాలి? మా దగ్గర యంత్రాలేమీ లేవు.

స్టాప్‌వాచ్
టేపు చాలు. ప్రతి సోమవారం వార్మప్ అయ్యాక నిలబడి లాంగ్‌జంప్, మూడుసార్లు, మంచిది రాసుకోండి. ఒకసారి మా టీమ్ అమ్మాయి మామూలుగా 2.05 మీటర్లు గెంతేది, ఒక సోమవారం 1.96, తర్వాతి సోమవారం 1.95. అడిగితే "బాగానే ఉన్నాను సార్" అంది. ఆ వారం గట్టి రోజులు రెండూ తీసేశాం. రెండు వారాలకి 2.08. ఒక్కసారి తగ్గితే కంగారు పడకండి, నిద్ర సరిపోకపోయినా తగ్గుతుంది. వరుసగా రెండు సోమవారాలు తగ్గితే మాత్రం నోటి మాట నమ్మొద్దు, టేపుని నమ్మండి.

ఇది వేగం వాళ్లకి బాగా పట్టిస్తుంది. 800 కుర్రాడి దమ్ము కారిపోవడం ఇందులో కనిపించదు. వాడికి నాలుగు వారాలకోసారి 12 నిమిషాల పరుగు పెట్టి దూరం రాసుకోండి.

గుండు_విసురు
ఈసారి ప్రశ్న సరిగ్గానే చదివాను. మా విసిరేవాళ్లకి నేను ముందుకి వేసే గుండు బదులు తల మీదుగా వెనక్కి విసిరించి దూరం కొలుస్తాను. అలసట అందులోనూ తెలుస్తుంది.

లాంగ్‌జంప్_మాజీ
పదును వారాల గురించి ఒక హెచ్చరిక. మా స్కూల్ రోజుల్లో అసలు మీట్‌కి ముందు మంచి విశ్రాంతి ఇచ్చారు, కాళ్లు గాల్లో తేలుతున్నట్టుండేవి. మూడు గెంతులూ ఫౌల్. చాలా ఏళ్ల తర్వాత గానీ కారణం తెలియలేదు. విశ్రాంతితో వేగం పెరిగింది, అడుగు సాగింది, గుర్తు మాత్రం పాతచోటే. అలసిన కాళ్లతో కొలిచిన రన్నప్ అది. ఆఖరి పది రోజుల్లో రెండుసార్లయినా పూర్తి రన్నప్ పరిగెత్తించి గుర్తు మళ్లీ కొలవండి.

వ్యాయామ_మాస్టారు
మా ఇద్దరు జంపర్లకీ ఈసారి అదే అయింది! ఒకడు రెండు ఫౌల్స్, ఒకడు బోర్డుకి చాలా వెనక నుంచి గెంతాడు. టెన్షన్ అనుకున్నాను.

లాంగ్‌జంప్_మాజీ
ఫౌల్ అయినవాడిది అడుగు సాగడం. వెనక నుంచి గెంతినవాడిది బహుశా మీ 16, 17 వారాల అలసట, అడుగు కుంచించుకుపోయి ఉంటుంది. టెన్షన్ కూడా ఉండొచ్చు, కాదనను.

వ్యాయామ_మాస్టారు
చివరిగా ఒకటి. 26 అయ్యాక విశ్రాంతి భాగం. నేను ఏటా నెలన్నర పూర్తిగా వదిలేస్తాను. తెరిచాక మొదటి రెండు వారాల్లో కనీసం నలుగురు పిక్క ఎముక నొప్పి అంటారు.

హర్డిల్స్_టీచర్
నెలన్నర కదలకుండా ఉండి మొదటి రోజే గట్టి 300లు అంటే ఎముక ఏం చేస్తుంది పాపం. మూడు వారాలు స్టాప్‌వాచ్, స్పైక్స్, ట్రాక్ మూడూ పక్కన పెట్టండి. మొదటి వారం ఏమీ వద్దు. తర్వాత రెండు వారాలు ఈత, బంతాట, ఏది ఇష్టమైతే అది. ఆ తర్వాత స్కూల్ సెలవులుంటే వారానికి మూడు రోజులు ఇరవై నిమిషాల తేలిక పరుగు, మట్టి మీదో గడ్డి మీదో, ఇంటి దగ్గరే చేసుకోమని చెప్పండి. అందరూ చేయరు. చేసినవాళ్లెవరో, చేయనివాళ్లెవరో మొదటి వారం అడిగి తెలుసుకుని, చేయనివాళ్లని వేరే గుంపుగా మొదలుపెట్టించండి.

లాంగ్‌రన్_బాబాయ్
ఆ మూడు వారాలు కూడా పరుగు ఆపక్కర్లేదని నా అభిప్రాయం. తేలిగ్గా పరిగెడితే ఏమవుతుంది?

హర్డిల్స్_టీచర్
కాళ్లకి ఏమీ కాకపోవచ్చు. 26 వారాలు మన మాట విన్న పిల్లలు, ఆ మూడు వారాలు వాళ్లవి.

వ్యాయామ_మాస్టారు
గోడ మీద చార్ట్ తీసేశాను. కొత్తది 26 నుంచి వెనక్కి రాస్తున్నాను. 12వ వారం మీట్ దగ్గర "ప్రాక్టీస్" అని రాశాను, హెడ్‌మాస్టర్ గారికి ఇంకా చూపించలేదు. రిలే_నాలుగో_కాలు గారూ, మీ ఏడు రేసుల అమ్మాయి లాంటిదే మా దగ్గరా ఒకతి ఉంది. మీరు ఏ రేసు తీసేస్తారో తేల్చుకున్నాక ఇక్కడ రాయండి, 400 తీసేయాలో 100 తీసేయాలో నాకింకా తేలడం లేదు.